నడుమ నుంచి తీసిన సాక్షి

ఆ షెడ్డులో అందరికీ ఆవిడ వదినే. వాళ్ళాయన్ని అందరూ అన్న అనేవాళ్ళు, అందుకని ఈవిడ వదిన అయింది. అన్న పోయాక కూడా వరస మారలేదు. అతన్ని కంటితో చూడని కొత్తవాళ్ళు సైతం వదినా అనే పిలుస్తారు. తొలి రోజుల్లో ఆ పిలుపు వినపడ్డ ప్రతిసారీ ఆవిడ తల తిప్పి, పిలిచినవాడి పక్కన ఇంకెవరైనా నిలబడి ఉన్నారేమో అని చూసేదట. తర్వాత తల తిప్పడం మానేసింది. చూడటం మాత్రం మానలేదు.

వాడి వాడి పాతబడ్డ బ్యాటరీలు అక్కడికి వస్తాయి. బస్సులవి, సరుకు బండ్లవి, గిడ్డంగుల్లో బరువులెత్తే ఫోర్క్‌లిఫ్టులవి. వాటిలో ఇంకా ఎంత సత్తువ మిగిలిందో కొలిచి, పనికొచ్చేవాటిని ఇళ్ళలో కరెంటు పోయినప్పుడు వాడుకునే పెట్టెల్లో బిగిస్తారు. పనికిరానివి తుక్కుకు పోతాయి. కొలిచేది అన్న. కొలతకు అందనిది చూడటం వదిన పని. బ్యాటరీకి ఒక సెల్లు చొప్పున తీసి, దాని సత్తువంతా ఖాళీ చేసి, కోసి, లోపల ఎలా పాతబడిందో చూసి చెప్పాలి. అందుకే వెనకాల ఆవిడకు కోతమ్మ అని ఇంకో పేరు ఉండేది. ఆవిడకు తెలుసు. కోతలు కోసేవాళ్ళు మీరు, కోసేది నేను అనేది.

కోసే చోటు ఒక ఉక్కు పెట్టె, ముందు అద్దం. లోపల మామూలు గాలి ఉండదు, ఆర్గాన్ వాయువు నింపి ఉంటుంది. గాలీ చెమ్మా తగిలితే లిథియం ఊరుకోదు. అద్దానికి రెండు గుండ్రటి కంతలు, వాటికి భుజాల దాకా వచ్చే నల్లటి రబ్బరు తొడుగులు. అందులో చేతులు దూర్చి పని చేయాలి. లోపలి ఒత్తిడి బయటికన్నా కాస్త ఎక్కువ ఉంచుతారు, అందుకని ఎవరూ లేనప్పుడు ఆ తొడుగులు బయటికి ఉబ్బి, చాచిన చేతుల్లా గాల్లో నిలబడతాయి. పెట్టెకు అటువైపు కూడా ఇంకో జత ఉంది. పొద్దున్నే తలుపు తీస్తే ఖాళీ గదిలో నాలుగు చేతులు. అలవాటైపోయింది అంటుంది వదిన. అలవాటైన మనిషి గుమ్మంలో ఒక్క క్షణం ఆగదు. ఆవిడ ఆగుతుంది.

బ్యాటరీ ఎలా ముసలిదవుతుందో ఆవిడ చెబితే వినాలి. సెల్లు అంటే చుట్టిన చాప అంటుంది. ఒక రేకు మీద గ్రాఫైటు నల్లగా పూసి ఉంటుంది, ఇంకో రేకు మీద ఇంకో పూత, రెండూ తాకకుండా నడుమ కాగితం కన్నా పల్చని తెల్లటి పొర. అంతా ఒక ద్రవంలో తడిసి ఉంటుంది. చార్జి పెడితే లిథియం అవతలి పూత నుంచి బయల్దేరి వచ్చి గ్రాఫైటు అరల్లో దూరి కూర్చుంటుంది. వాడుకుంటే వెనక్కి వెళుతుంది. అంతే కాపురం.

మొట్టమొదటిసారి చార్జి పెట్టినప్పుడే గ్రాఫైటు మీద ఆ ద్రవం కాస్త విరిగి ఒక పొర కడుతుంది. ఇంజినీర్లు దాన్ని ఎస్ఈఐ అంటారు. పాల మీద మీగడ అనుకోండి, కాకపోతే కంటికి ఆననంత పల్చన. అది ఉండి తీరాలి. లిథియాన్ని రానిస్తుంది, ద్రవం ఇంకా విరగకుండా అడ్డుపడుతుంది. కాకపోతే పూర్తిగా ఆగదు. ఏళ్ళ తరబడి నిదానంగా మందమవుతూనే ఉంటుంది. వేడిలో ఉంచినా, నిండా చార్జి పెట్టి వదిలేసినా ఇంకాస్త తొందరగా. మందమైనప్పుడల్లా కొంచెం లిథియాన్ని తనలో కలిపేసుకుంటుంది. అది మామూలు ముసలితనం, మా అత్తయ్యకు వచ్చినట్టు, సత్తువ తగ్గుతుందేగానీ ఒకరి జోలికి పోదు అంటుంది వదిన. ఆ పోలిక అత్తయ్య చెవిన కూడా పడింది. అయితే నన్నూ మీ మీటరుకు తగిలించు, ఎంత మిగిలానో చూసుకుందాం అందట.

రెండో దారి వేరు. బాగా చలిలో ఉన్న సెల్లుకు చార్జి పెడితే గ్రాఫైటు అరల్లోకి దూరడానికి లిథియానికి కాళ్ళాడవు. వెనక నుంచి వచ్చేది వస్తూనే ఉంటుంది. గుమ్మం దగ్గర జనం కిక్కిరిసినట్టు అది గ్రాఫైటు పైనే లోహంగా పేరుకుంటుంది. దీన్ని ప్లేటింగ్ అంటారు. కొంత మళ్ళీ కరిగి వెనక్కి పోతుంది. కొంత తెగిపోయి, తన చుట్టూ తనే పొర కట్టుకుని, ఎటూ పోలేక అక్కడే పడి ఉంటుంది. చచ్చిన లిథియం అంటారు దాన్ని. ఇదీ సత్తువ తగ్గడమే. ముసలిదైన సెల్లుకూ దీనికీ మీటరు ఒకే అంకె చూపించొచ్చు. కానీ ఇక్కడ పేరుకున్నది నాచులాగానో ముళ్ళలాగానో పెరిగి, ఏదో ఒకనాడు ఆ తెల్లటి పొరను పొడిచిందా, రెండు రేకులూ లోపలే కలుస్తాయి. అప్పుడు బయట చార్జరు ఏం చేస్తోందన్నది లెక్కే కాదు.

అందుకే కోసి చూడటం. షెడ్డులో ఆ సెల్లును సాక్షి అంటారు. ఫోర్క్‌లిఫ్టు బ్యాటరీ ఇంత పెద్ద ఇనప డబ్బా. లోపల సెల్లులు కొన్ని కొన్ని కలిపి కట్టిన మాడ్యూళ్ళుగా వరసల్లో ఉంటాయి. డబ్బా మూతకు నడిమధ్యన చిన్న తలుపు ఉంటుంది. అది తీస్తే కింద ఉన్న మాడ్యూలు సులువుగా చేతికొస్తుంది. సాక్షిని ఎప్పుడూ అందులోంచే తీసేవాళ్ళు. ఎవరూ పెట్టిన నియమం కాదు. తలుపు అక్కడుంది, చేయి అక్కడికి పోయింది.

ఒకసారి మాంసమూ చేపలూ నిలవ ఉంచే శీతల గిడ్డంగి నుంచి ఒక బ్యాటరీ వచ్చింది. వదిన సాక్షిని కోసింది. నల్లగా, చాప అంతటా ఒకే తీరుగా ఉంది. శుభ్రం అంది. అన్న మాడ్యూళ్ళను ఒక్కొక్కటిగా చార్జి పెట్టి కొలవడం మొదలెట్టాడు. అవి సగం కూడా అవ్వకముందే ఒక పొద్దున కొలిచే గదిలో చార్జి మీద ఉన్న మాడ్యూలు అంటుకుంది. అన్న ఆ సమయానికి గది బయట ఫోనులో మాట్లాడుతున్నాడు. మంటలార్పే సిలిండరు పట్టుకుని లోపలికి పరిగెత్తాడు. నిప్పు అతన్ని తాకను కూడా లేదు. పొగ చాలింది.

చార్జరు కరిగి ముద్దయింది, అడుగుదామంటే అదేమీ చెప్పలేదు. పాత చార్జరు, దానంతటదే ఆగుతుందని నమ్మలేక వేళకు మనిషే వచ్చి ఆపేవాడు. విచారణకొచ్చినవాళ్ళు అందరినీ అడిగి, మాటల్లో పడి ఆపడం మరిచినట్టుంది అని తేల్చారు. తిట్టలేదు. మంచివాడు, పొరపాటు అన్నారు. ఆ మెత్తదనమే వదినకు ముల్లయింది. పొయ్యి ఆర్పామా లేదా అని సగం దారి నుంచి వెనక్కొచ్చి చూసుకునే మనిషి ఆయన.

ఫోను చేసింది తల్లి. కళ్ళజోడు కనపడలేదని చేసింది. గూట్లో చూడు, మంచం కింద చూడు, ఒకసారి నెత్తి మీద కూడా చూసుకో అని కొడుకు ఒక్కొక్క చోటే చెప్పి వెతికించాడు. కళ్ళజోడు నెత్తి మీదే ఉంది. ఇద్దరూ నవ్వుకున్నారు. అవతల నవ్వు మధ్యలో ఆగిపోయింది.

ఆ రోజు నుంచి ముసలామె ఫోను ముట్టుకోలేదు. కళ్ళజోడు పెట్టుకోలేదు. డాక్టరు చెప్పినా, కోడలు బతిమాలినా, చూడాల్సింది చూసేశానులే అనేది. మసక చూపుతోనే తడుముకుంటూ తిరిగేది. ఏడవదు, దెప్పదు, ఒకరి మీద నెట్టదు. మాటకారితనం పోలేదు, ఛలోక్తులు వేస్తూనే ఉండేది. కానీ మధ్యాహ్నం పూట కోడలు చప్పుడు లేకుండా వస్తే, ఖాళీ కుర్చీ వైపు తిరిగి నెమ్మదిగా ఏదో చెబుతూ కనిపించేది. ఏం చెబుతున్నారు అత్తయ్యా అంటే, దొరికిందిలే నాన్నా, నువ్వెళ్ళి పని చూసుకో అని చెబుతున్నా అనేది, అదేదో మామూలు మాటైనట్టు. రాత్రికి ఏం వండుతావు అని వెంటనే మాట మార్చేది.

వదిన ఆ షెడ్డు మానలేదు. ఎందుకు మానలేదని అడిగినవాళ్ళకు ఇంకో పని రాదు అని చెప్పేది. అది నిజమే. ఇంకో నిజం కూడా ఉంది. ఆ బ్యాటరీలో కొలవకుండా మిగిలిన మాడ్యూళ్ళను విచారణవాళ్ళు సీలు వేసి, పెరట్లో ఒక ఇనప గదిలో ఇసక మధ్య ఉంచారు. ఆవిడ రోజూ దాని ముందు నుంచే నడిచి లోపలికి వెళ్ళేది. ఆయన మరిచిపోయాడా లేదా అన్నది ఆ తలుపు వెనకాల ఉందని ఆవిడ నమ్మకం. ఎండ కాసే పొద్దున కూడా ఆ గది పక్కన చల్లగా తగిలేదట. ఇనుము కదా, రాత్రి చలి పట్టుకుని ఉంటుంది అని తనకు తనే చెప్పుకునేది.

ఆరేళ్ళకు కేసు మూసేశారు. ఇనప గది ఖాళీ చేయమని కాగితం వచ్చింది. అన్నీ తుక్కుకే, కానీ పంపేముందు ఖాళీ చేయాలి, ఒకటి రెండు కోసి చూడాలి. మేనేజరు వదినను పక్కకు పిలిచి, ఇది నీ చేత చేయించను, ఇంజినీరమ్మ చూసుకుంటుంది అన్నాడు. ఇంజినీరమ్మ అంటే కొత్తగా వచ్చిన పిల్ల, మనిషి నెమ్మది, తెలియనిది తెలియదని చెప్పే రకం. నేనే చేస్తాను అంది వదిన. అయితే ఇద్దరం చేద్దాం అంది ఆ పిల్ల.

ముందు నడిమి వరసలో మిగిలిన మాడ్యూలు నుంచి ఒకటి కోశారు. ఇంజినీరమ్మ అటువైపు తొడుగుల్లో చేతులు పెట్టి పట్టుకుంది, వదిన సిరామిక్ కత్తెరతో అంచు కోసి చాప విప్పింది. నల్లగా, ఒకే తీరుగా ఉంది. ఆరేళ్ళ కిందట చూసిందే మళ్ళీ చూసినట్టుంది. వదిన భుజాలు కిందికి జారాయి. అంటే ముసలితనమే. అంటే ఆయనే మరిచిపోయాడు.

ఇక చాలు అందామనుకుంటుండగా ఇంజినీరమ్మ, అంచుది కూడా ఒకటి చూద్దామా వదినా అంది. ఎందుకు అంటే, ఆ గిడ్డంగి సంగతి తను కనుక్కున్నానంది. చార్జి పెట్టే చోటు గిడ్డంగికి బయట దూరంగా ఉండేది, అక్కడిదాకా పోయి వచ్చే తీరిక లేక డ్రైవర్లు అన్నం తినే వేళల్లో గడ్డకట్టే చలి గదిలోనే ప్లగ్గు పెట్టేసేవాళ్ళట. మరి సున్నా కన్నా చల్లగా ఉంటే చార్జి పడకుండా బ్యాటరీలోనే కాపలా ఉంటుంది కదా అంది వదిన. ఉంటుంది, కానీ వేడి కొలిచే తీగ ఎక్కడుంది? అంది ఆ పిల్ల.

వదిన చేతులు తొడుగుల్లోనే ఆగిపోయాయి. తీగ నడుమ ఉంది. పొద్దంతా పని చేసిన బ్యాటరీ నడుమ గోరువెచ్చగానే ఉంటుంది. ఇనప డబ్బా గోడకు ఆనుకున్న అంచు వరసలు మాత్రం మంచులా ఉంటాయి. కాపలావాడు నడుమ చేయి పెట్టి చూసి, బాగానే ఉందిగా, పెట్టుకోండి అనేవాడన్నమాట.

అంచు మాడ్యూలు తెచ్చి కోశారు. చాప ఒక పట్టాన విడిపోలేదు. తెల్లటి పొర గ్రాఫైటును అంటుకుని చిరుగుతూ వచ్చింది. విప్పాక నలుపు మీద వెండి బూడిద రంగు మచ్చలు, అంచుల వెంబడి నాచు పట్టినట్టు. పక్కది కోశారు. అదీ అంతే. ఇవి ఆ రోజు చార్జి మీద ఉన్నవి కావు. ఈ షెడ్డులో ఎవరూ వీటికి ప్లగ్గు కూడా తగిలించలేదు. కాబట్టి ఆ పేరుకున్నది గిడ్డంగి నుంచి వస్తూ తెచ్చుకున్నదే. అన్న చార్జి పెట్టిన మాడ్యూలు కూడా అంచు వరసదే అని ఇంజినీరమ్మ మెల్లగా చెప్పింది. వేళకు ఆపినా, ఆపకపోయినా, అలాంటిది అంటుకోవచ్చు వదినా అంది.

ఆరేళ్ళుగా ఎదురుచూసిన మాట. వదిన దాన్ని వినలేదు. ఆవిడకు ఇంకో మాట వినిపిస్తోంది. ఆ పొద్దున అన్న ఈ అద్దం దగ్గరికే వచ్చి నిలబడ్డాడు. అంచు వరసవి రెండు మూడు నడిమివాటి కన్నా కాస్త తక్కువ చూపిస్తున్నాయి, ఏమంటావు అన్నాడు. ఈవిడ చేతులు తొడుగుల్లో ఉన్నాయి, తల కూడా తిప్పలేదు. సాక్షి శుభ్రంగా ఉంది, ముసలితనమే, పెట్టు అంది. సరే తల్లీ, నీ మాటే వేదం అని నవ్వి వెళ్ళాడు. మొగుడూ పెళ్ళాల మాటల్లో ఇదీ ఒక మాట, మరిచిపోయింది. ఇప్పుడు ఆ బూడిద మచ్చల మీద నుంచి అది లేచి వచ్చి అదే చోట నిలబడింది.

ఇంజినీరమ్మకు చెప్పింది. ఆ పిల్ల ఓదార్చడానికి తొందరపడలేదు. సాక్షిని నడుమ నుంచి తీయడం ఈ షెడ్డు అలవాటు, ఒక్కరిది కాదు, నేను అలాగే చెబుతాను అంది. ఇకమీదట అంచుల నుంచీ మూలల నుంచీ కూడా తీయాలనీ, ఆ గిడ్డంగి నుంచి అంతకుముందు వచ్చిన వేరే బ్యాటరీలతో చేసిన పెట్టెలు ఎవరింట్లోనైనా ఉంటే వెనక్కి రప్పించాలనీ మేనేజరు దగ్గర ఒప్పించింది. ఆ వారంలోనే రెండు పెట్టెలు తిరిగొచ్చాయి కూడా.

మచ్చలు చూసిన రోజు వదిన మధ్యాహ్నమే ఇంటికి వచ్చేసింది. అత్తయ్య మంచం మీద కూర్చుని తడుముకుంటూ బట్టలు మడతపెడుతోంది. కోడలు పక్కన కూర్చుని చెప్పింది: చలి గది, అంచులు, పేరుకున్న లిథియం. మీ ఫోను వల్ల కాదు అత్తయ్యా. ఆయన ఆపాడో లేదో ఇక ఎవరూ చెప్పలేరు, కానీ దానికి ఆయన మరుపు అక్కరలేదు, అది వచ్చేటప్పుడే చావు మోసుకొచ్చింది.

అక్కడితో ఆపేయొచ్చు. ఆపేద్దామనే అనుకుందట. ముసలామె మడత ఆపి, ఒక్కటే అడిగింది.

"మరి ముందే తెలుసుకునే దారి లేకపోయిందా?"

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. వదిన గోడ వైపు చూస్తూ చెప్పింది. సాక్షిని ఎక్కడ నుంచి తీశారో, ఎందుకు తీశారో చెప్పింది. అద్దం దగ్గరి మాట ఒక్కటే చెప్పకుండా మిగిలింది.

"వాడు నిన్ను అడిగాడా?" అంది ముసలామె, ఆ మాట తన కళ్ళెదుటే జరిగినట్టు.

"అడిగాడు."

"నువ్వేమన్నావు?"

"పెట్టమన్నాను."

వీధిలో ఎవరో బండి తోసుకుంటూ పోయారు. వదిన తిట్టు కోసం చూసింది. తిడితే బాగుండుననుకుంది. ముసలామె చేయి చాచి తడుముకుని కోడలి మోకాలు పట్టుకుంది.

"ఆరేళ్ళుగా వాడు రోజూ నా దగ్గరికే వచ్చేవాడు. నా వల్ల పోయాడనుకున్నా కాబట్టి నన్ను వదల్లేదు. చెడ్డగా రాలేదే, కళ్ళజోడు దొరికిందా అని అడిగిపోయేవాడు. ఇక రాడు. నీ దగ్గరికి వస్తాడు."

వదిన ఖాళీ కుర్చీ వైపు చూసింది.

"భయపడకు" అంది ముసలామె. "ఏదైనా అడిగితే, ఈసారి తల తిప్పి చెప్పు."

మాట కటువుగా లేదు. వంటలో ఉప్పెంతో చెప్పినట్టు చెప్పింది. మడతపెట్టిన బట్టలు ఒక పక్కకు జరిపి, గోడ వైపు తిరిగి పడుకుంది. కాసేపటికి గురక వినిపించింది. పగటిపూట ఆవిడ అలా నిద్రపోవడం కోడలు చూసి చాలా ఏళ్ళయింది.

వదిన లేవలేదు. కాళ్ళు కింద పెట్టుకుని మంచం చివర కూర్చుంది. కొంతసేపయ్యాక, తన పక్కన ఒక మనిషి పట్టేంత చోటు వదిలి, ఇంకాస్త అంచుకు జరిగింది.